సోమవారం చెస్ట్ సరే, మరి గురువారం?

సోమవారం సాయంత్రం ఆరున్నరకి ఏ జిమ్‌కి వెళ్లినా బెంచ్ ప్రెస్ దగ్గర క్యూ ఉంటుంది. ఒకడు పడుకుని లేపుతుంటాడు, ఒకడు తలవైపు నిలబడి రాడ్ కింద చేతులు పెడతాడు, ఇంకో ఇద్దరు ఫోన్ చూసుకుంటూ వంతు కోసం నిలబడతారు. సోమవారం చెస్ట్, మంగళవారం బ్యాక్, బుధవారం షోల్డర్స్, గురువారం ఆర్మ్స్, శుక్రవారం లెగ్స్. ఈ వరస ఎవరు రాశారో తెలీదు గానీ మన జిమ్ముల్లో పంచాంగం కంటే నిష్ఠగా నడుస్తోంది. శుక్రవారం దగ్గరకొచ్చేసరికి మాత్రం కాస్త తేడా వస్తుంది. ఎందుకంటే కొత్త సినిమా రిలీజయ్యేదీ శుక్రవారమే.

మా జిమ్‌లో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదివే కుర్రాడొకడు ఉన్నాడు. పద్నాలుగు నెలలుగా ఈ వరస తప్పకుండా చేస్తున్నాడు. మిగతావాళ్లలో లేని మంచి అలవాటు ఒకటి ఉంది వాడికి. ఏ రోజు ఎంత బరువు, ఎన్ని రెప్స్ అన్నది చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. ఒకరోజు నీళ్లు తాగుతూ అడిగాడు: "అన్నా, వారానికి రెండుసార్లు చెస్ట్ కొడితే డబుల్ పెరుగుతుందంట, నిజమేనా?"

డబుల్ అబద్ధం. కానీ ఆ మాట పుట్టిన చోట కొంత నిజం ఉంది. దాని వెనక ముప్ఫై ఏళ్ల కథ ఉంది.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మెక్‌డూగల్ అనే శాస్త్రవేత్త బృందం 1995లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించింది. ఆరుగురు యువకులతో ఒక చేత్తోనే బైసెప్స్ వ్యాయామం 12 సెట్లు చేయించి, రెండో చేతిని ఊరికే వదిలేశారు. తర్వాత ఆ కండరాల్లో కొత్త ప్రోటీన్ ఎంత వేగంగా తయారవుతోందో రెండు చేతుల్లోనూ కొలిచి పోల్చారు. నాలుగు గంటలకి వ్యాయామం చేసిన చేతిలో ఆ వేగం 50 శాతం ఎక్కువుంది. 24 గంటలకి రెట్టింపు దాటింది. 36 గంటలకి దాదాపు మామూలు స్థితికి దిగిపోయింది.

ఇది చదివిన ఎవరికైనా తట్టే లెక్క ఒకటే. సోమవారం సాయంత్రం చెస్ట్ కొడితే బుధవారం పొద్దుటికి ఆ పని అయిపోయింది. మళ్లీ సోమవారం దాకా ఆ కండరం ఖాళీగా కూర్చుంది. గురువారం ఇంకోసారి కదిలిస్తే మళ్లీ పని మొదలవుతుంది కదా? కుర్రాడు విన్న 'డబుల్' ఈ లెక్క నుంచే పుట్టింది.

లెక్క అందంగానే ఉంది. చిక్కల్లా ప్రోటీన్ తయారయ్యే వేగం, కండ పెరగడం ఒకటే అనుకోవడంలో ఉంది. వ్యాయామం తర్వాత తయారయ్యే ప్రోటీన్‌లో కొంత, దెబ్బతిన్న కండరాన్ని బాగుచేసుకోవడానికే పోతుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో అయితే మొదటి వారాల్లో చాలా భాగం ఈ మరమ్మతుకే ఖర్చవుతుంది. ఇల్లు కడుతున్నామా, కూలిన గోడ నిలబెడుతున్నామా అన్నది సిమెంటు బస్తాలు లెక్కపెడితే తెలియదు. అందుకే అసలు పరీక్ష గంటల్లో జరగదు. రెండు మూడు నెలలు ఒక గుంపుతో వారానికి ఒకసారి, ఇంకో గుంపుతో రెండుసార్లు చేయించి, చివర్లో కండరం మందం కొలిచి చూడాలి.

అలాంటి పరీక్షలు చాలా జరిగాయి. న్యూయార్క్‌లోని లీమన్ కాలేజీలో పనిచేసే బ్రాడ్ షోన్‌ఫెల్డ్, ఆయన సహచరులు 2016లో అలాంటి 10 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. వారానికి ఒకసారి కంటే రెండుసార్లు మేలని తేలింది. మూడుసార్లు చేస్తే ఇంకా మేలా అన్నదానికి అప్పటికి జవాబు దొరకలేదు. 'వారానికి రెండుసార్లు' అన్న మాట ప్రపంచమంతా పాకింది ఆ తర్వాతే. అదే బృందం 2019లో ఈసారి 25 అధ్యయనాలతో మళ్లీ కూర్చుంది. ఇప్పుడు లెక్క ఇంకాస్త జాగ్రత్తగా వేశారు. వారం మొత్తంమీద చేసే పని రెండు గుంపులకీ సమానంగా ఉన్న అధ్యయనాలను విడిగా తీసి చూశారు. వాటిలో ఒకసారికీ రెండుసార్లకీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. పని సమానంగా లేని చోట మాత్రం ఎక్కువ రోజులు చేసినవాళ్లే ముందున్నారు. వాళ్లు మొత్తం మీద ఎక్కువ సెట్లు చేశారు మరి.

చాలామంది ఇక్కడ ఆగిపోయి 'అయితే ఎలా చేసినా ఒకటే' అనేస్తారు. నేను అలా అనను. ఈ ఫలితం చెప్పేది ఇంకోటి. కండని పెంచేది రోజుల సంఖ్య కాదు, వారంలో ఆ కండరానికి పడిన గట్టి సెట్ల సంఖ్య. గట్టి సెట్ అంటే, ఇంకో ఒకటో రెండో లేపగలను, అంతకు మించి నావల్ల కాదు అనే చోట ఆపిన సెట్. వారానికి ఒక్కో కండరానికి అయిదు లోపు చేసేవాళ్ల కంటే పది, ఆ పైన చేసేవాళ్లకి ఎక్కువ పెరుగుతుందని అదే బృందం 2017లో చూపించింది. మరి ఆ పది, పన్నెండు సెట్లు నిజంగా గట్టి సెట్లుగా ఉండాలంటే ఒకే సాయంత్రం కూరాలా, రెండు రోజులకి పంచాలా? 'వారానికి ఎన్నిసార్లు' అన్న ప్రశ్నకి నా దృష్టిలో అసలు రూపం ఇది.

ప్రయోగశాలలో ఈ తేడా బయటపడదు. అక్కడ పక్కన శిక్షకుడు నిలబడి సెట్లు లెక్కపెడతాడు, గడియారం చూసి విశ్రాంతి ఇస్తాడు. ఒక్క రోజే చేసేవాడు కూడా తన సెట్లన్నీ పూర్తిగా చేస్తాడు. మన జిమ్‌లో సోమవారం ఏం జరుగుతుందో కుర్రాడి నోట్‌బుక్‌లో ఉంది.

వాడి సోమవారం 16 సెట్లు. ఫ్లాట్ బెంచ్ నాలుగు, ఇంక్లైన్ బార్‌బెల్ నాలుగు, ఇంక్లైన్ డంబెల్ ప్రెస్ నాలుగు, పెక్ డెక్ నాలుగు. బెంచ్ మీద 60 కిలోలతో 10, 9, 8, 7 రెప్స్. అక్కడిదాకా బాగుంది. మూడో వ్యాయామం దగ్గర చేతికొకటి 20 కిలోల డంబెల్స్‌తో 8, 6, 6, 5. అంటే 25 రెప్స్. రెండు చేతుల్లో కలిపి 40 కిలోలు కాబట్టి మొత్తం వెయ్యి కిలోల పని. పెక్ డెక్ వంతు వచ్చేసరికి అంకెలు రాయడం మానేసి 'పంప్' అని ఒక్క మాట రాసి వదిలేశాడు.

"ఇదే డంబెల్ ప్రెస్ గురువారం ఫ్రెష్‌గా వచ్చి మొదటి వ్యాయామంగా చేసి చూడు" అన్నాను. చేశాడు. అవే 20 కిలోలు, 11, 10, 9, 8. మొత్తం 38 రెప్స్, 1,520 కిలోలు. వారంలో కండ పెరిగిపోయి కాదు, అలసట లేకపోవడం వల్ల. సోమవారం ఆ నాలుగు సెట్లలో వాడి ఛాతీ కంటే ముందు ట్రైసెప్స్, భుజాల ముందుభాగం చేతులెత్తేస్తున్నాయి. సెట్ ఆగిపోయేది ఛాతీ అలిసి కాదు, దానికి సాయం చేసేవాళ్లు అలిసి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. 1,520 వెయ్యి కంటే సగం ఎక్కువ కదా అని కండ కూడా సగం ఎక్కువ పెరగదు. అలసటలో చేసిన సెట్ అయినా, చివరి రెప్ దాకా కష్టపడితే కండరానికి కొంత సంకేతం అందుతుంది. అందుకే అధ్యయనాల్లో తేడా అంత చిన్నది. కానీ పదమూడో సెట్, పద్నాలుగో సెట్‌ని చివరి రెప్ దాకా కష్టపడి చేసేవాడు నాకు ఇంతవరకూ కనపడలేదు. అప్పటికి ఏడున్నర అవుతుంది, వెనక నలుగురు ఎదురుచూస్తుంటారు, సెట్‌కీ సెట్‌కీ మధ్య మూడు నిమిషాలు తీసుకోవాల్సింది ఒక నిమిషానికి కుదించేస్తాం. ఒక నిమిషం విశ్రాంతితో చేసినవాళ్ల కంటే మూడు నిమిషాలు తీసుకున్నవాళ్లకే కండ, బలం ఎక్కువ పెరిగాయని 2016లో ఇంకో పరీక్షలో తేలింది కూడా.

అందుకని కుర్రాడికి చెప్పింది సెట్లు పెంచమని కాదు, తగ్గించమని. పదహారు కాస్తా పన్నెండు చేసి, సోమవారం ఆరు, గురువారం ఆరు. సోమవారం ఫ్లాట్ బెంచ్ నాలుగు, పెక్ డెక్ రెండు. గురువారం ఇంక్లైన్ డంబెల్ నాలుగు, మెషీన్ ప్రెస్ రెండు. ఇలా చేస్తే రెండు రోజుల్లోనూ మొదటి వ్యాయామం అలసట లేకుండా జరుగుతుంది. ఇంక్లైన్ ఎప్పుడూ రెండో స్థానంలోనే ఉండిపోవడం వల్ల వాడి ఛాతీ పైభాగం వెనకబడి ఉండేది. ఇప్పుడు దానికీ ఒక రోజు దొరికింది.

ఛాతీకి రెండు రోజులిస్తే మిగతావి ఎక్కడ సర్దాలి? వారానికి నాలుగు రోజులు రాగలిగినవాళ్లకి నాకు నచ్చిన పద్ధతి శరీరాన్ని నడుము దగ్గర రెండు ముక్కలు చేయడం. సోమవారం నడుము పైభాగం, మంగళవారం కింద భాగం, బుధవారం సెలవు, గురువారం మళ్లీ పైన, శుక్రవారం మళ్లీ కింద. ఒకే కండరం సోమవారం నుంచి గురువారానికి మూడు రోజులు, గురువారం నుంచి సోమవారానికి నాలుగు రోజులు ఆగుతుంది. కుర్రాడి సోమవారం ఇలా తయారైంది: బెంచ్ నాలుగు సెట్లు, కేబుల్ రో నాలుగు, డంబెల్ షోల్డర్ ప్రెస్ మూడు, లాట్ పుల్‌డౌన్ రెండు, పెక్ డెక్ రెండు, బైసెప్స్ కర్ల్ రెండు. గురువారం అదే తీరులో తిరగేసి, వీపుకి పుల్‌డౌన్ ముందు, రో తర్వాత. షోల్డర్ ప్రెస్ బదులు పక్కలకి లేపే లాటరల్ రైజ్, కర్ల్ బదులు ట్రైసెప్స్ పుష్‌డౌన్. మంగళవారం స్క్వాట్, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ ముందు. శుక్రవారం లెగ్ ప్రెస్, లెగ్ కర్ల్ ముందు. రెండు రోజులూ చివర్లో పిక్కలకి మూడు సెట్లు. బెంచ్‌కి, కేబుల్ రోకి మధ్య విశ్రాంతి కోసం ఊరికే కూర్చోవాల్సిన పనిలేదు. ఒకటి నెట్టేది, ఒకటి లాగేది కాబట్టి ఒకటి మార్చి ఒకటి చేస్తే గంటంబావులో అయిపోతుంది.

కాగితం చూసి కుర్రాడు మొహం ముడుచుకున్నాడు. "ఆర్మ్స్ డే తీసేశావేంటన్నా? బైసెప్స్‌కి నాలుగు సెట్లు కూడా లేవు."

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. వాడి పాత వరసలోనే ట్రైసెప్స్ వారానికి మూడుసార్లు పనిచేస్తున్నాయి. సోమవారం బెంచ్‌లో, బుధవారం షోల్డర్ ప్రెస్‌లో, గురువారం ఆర్మ్స్ డేలో. బైసెప్స్ మంగళవారం రోలోనూ పుల్‌డౌన్‌లోనూ, మళ్లీ గురువారం. 'వారానికి ఒకసారి' పద్ధతి అని పేరేగానీ చేతులకి అది ఎప్పుడో రెండు మూడుసార్ల పద్ధతి. నిజంగా ఒకే ఒక్కసారి పనిచేసేవి తొడలూ పిక్కలూ. వాటికి శుక్రవారం ఒక్కటే దిక్కు. కొత్త కాగితంలో నెట్టే ప్రతి వ్యాయామంలో ట్రైసెప్స్, లాగే ప్రతి వ్యాయామంలో బైసెప్స్ సగం పని చేసినట్టు లెక్కేస్తే, వారంలో వాడి బైసెప్స్‌కి లాగే 12 సెట్ల నుంచి ఆరు, నేరుగా కర్ల్స్ రెండు. మొత్తం ఎనిమిది. చేతులంటే మరీ ప్రాణమైతే గురువారం చివర్లో ఇంకో రెండు కర్ల్స్ వేసుకోమన్నాను. వేసుకున్నాడు. అది ఎలాగూ ఆపలేం.

వారానికి మూడు రోజులే కుదిరేవాళ్లు ఒళ్లంతా ప్రతిసారీ చేయొచ్చు. సోమ, బుధ, శుక్రవారాలు, ఒక్కో పెద్ద కండరానికి మూడు నాలుగు సెట్లు చొప్పున. ఇందులో వింతేమీ లేదు. మన పాత తాలింఖానాల్లో వస్తాదులు కూడా రోజూ దండీలు, బస్కీలు తీసేవాళ్లు. ఇవాళ ఛాతీ రోజు, రేపు కాళ్ల రోజు అని పంచుకున్నది వాళ్లు కాదు.

రెండుసార్ల పద్ధతికి మారేటప్పుడు జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే. సోమవారం చేసే 16 సెట్లనీ యథాతథంగా గురువారం మళ్లీ చేయడం. వారానికి 32. మొదటి వారం భలే ఉంటుంది. రెండో వారానికి మోచేయి లోపలివైపు, భుజం ముందువైపు సన్నగా సలుపు మొదలవుతుంది. మూడో వారానికి బెంచ్ బరువు తగ్గుతుంది. 'ఈ పద్ధతి నా ఒంటికి పడలేదు' అని మళ్లీ పాత వరసకి వెళ్లిపోతారు. పడనిది పద్ధతి కాదు, రెట్టింపు చేసిన లెక్క.

మరి సరిపడా కోలుకున్నామో లేదో ఎలా తెలుస్తుంది? ఒళ్లు పట్టేసిన నొప్పిని చూసి మాత్రం కాదు. కొత్త వ్యాయామం చేసినా, చాలా రోజుల తర్వాత చేసినా నొప్పి ఎక్కువుంటుంది. రెండు మూడు రోజులదాకా ఉండి తగ్గుతుంది. అదే పని తరచుగా చేస్తుంటే కండరం అలవాటుపడి నొప్పి తగ్గుతుంది. అందుకే వారానికి రెండుసార్లు చేసేవాళ్లకి నొప్పులు తక్కువ. అది చూసి 'పని చేయట్లేదేమో' అని కుర్రాడు కూడా నాలుగో వారంలో కంగారుపడ్డాడు. చూడాల్సింది మొదటి వ్యాయామం మొదటి సెట్. అదే బరువు, అదే విశ్రాంతితో క్రితంసారి పది వచ్చింది, ఈసారి పదో పదకొండో వస్తే కోలుకున్నట్టే. వరుసగా రెండుసార్లు తగ్గితే, నిద్ర, తిండి సరిగానే ఉంటే, ఆ కండరానికి ఒక్కో రోజు నుంచి ఒక సెట్ తీసేయాలి. ఇందుకే నోట్‌బుక్ కావాలి. జ్ఞాపకం ఎప్పుడూ మనల్నే మెచ్చుకుంటుంది.

ఇంకో లాభం ఏ అధ్యయనం చెప్పకపోయినా క్యాలెండర్ చెబుతుంది. ఒక్క రోజు పద్ధతిలో ఆ రోజు పెళ్లికో పరీక్షకో పోతే ఆ కండరానికి మళ్లీ వచ్చే వారమే. పద్నాలుగు రోజుల విరామం అన్నమాట. రెండు రోజుల పద్ధతిలో పోయేది సగం. అదీ పోకుండా ఉండాలంటే వారాల పేర్లు మర్చిపోయి వరస గుర్తుపెట్టుకోవాలి. గురువారం రాలేకపోతే శుక్రవారం వచ్చి గురువారం పనే చేయాలి గానీ, 'ఇవాళ శుక్రవారం కాబట్టి లెగ్స్' అనకూడదు.

ఒకసారి చాలేవాళ్లూ ఉన్నారు. కండ పెంచడం కాకుండా ఉన్నది నిలుపుకుంటే చాలనుకునేవాళ్లు. అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం బర్మింగ్‌హామ్ కేంద్రంలో 2011లో ప్రచురించిన అధ్యయనంలో, 16 వారాలు వారానికి మూడు రోజులు వ్యాయామం చేసినవాళ్లని తర్వాత 32 వారాలు వారానికి ఒక్క రోజుకి దించారు. యువకులు పెరిగిన కండని నిలుపుకున్నారు. అరవై దాటినవాళ్లు నిలుపుకోలేకపోయారు. సెమిస్టర్ పరీక్షల నెలలో కుర్రాడికి ఒక్క రోజు చాలు. వాళ్ల తాతగారికి చాలదు.

పది వారాలయ్యాక టేపు తెచ్చి కొలిచాం. అవే టేపు, అదే సమయం, ఊపిరి వదిలేశాక ఛాతీ, మోకాలి చిప్ప నుంచి జానెడు పైన తొడ. ఛాతీ ఒక సెంటీమీటరు పెరిగింది. టేపు కాస్త వదులుగా పట్టుకున్నా అంత తేడా వస్తుంది కాబట్టి దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. బెంచ్ మాత్రం 60 కిలోలతో 10 నుంచి 13 రెప్స్‌కి వెళ్లింది, నాలుగు సెట్లు తగ్గించినా. తొడ రెండున్నర సెంటీమీటర్లు పెరిగింది. ఒక్కడి కొలతతో ఏ సిద్ధాంతమూ నిలబడదు గానీ ఎందుకో అర్థం కావడానికి నోట్‌బుక్‌లో వెనక పేజీలు తిరగేస్తే చాలు. పాత వరసలో మూడు నెలల్లో పదమూడు శుక్రవారాలు, లెగ్స్ చేసినవి ఆరు. వారానికి ఒకసారి నుంచి రెండుసార్లకి వచ్చామనుకున్నాడు వాడు. ఛాతీ నిజంగానే అలా వచ్చింది. కాళ్లు వచ్చింది మాత్రం వారానికి అరసారి నుంచి.

"శుక్రవారం సినిమా ఉంటే?" అని అడిగాడు టేపు చుడుతూ.

శనివారం పొద్దున ఆరింటికి స్క్వాట్ ర్యాక్ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుందని చెప్పాను.